మెడ దగ్గర ఏ రంగు ఉంటే ముఖం తేటగా కనిపిస్తుంది, ఏది నీరసం తెస్తుంది: జాకెట్టు ముక్కలతో ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి

నెల్లూరులో జాకెట్లు కుట్టే పని నాది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లలో సగం మంది అడిగేది ఒకటే: "ఏ రంగు వేసుకుంటే తెల్లగా కనపడతాను?" తెల్లగా కనిపించే సంగతి పక్కన పెట్టండి, ఏ గుడ్డా ఆ పని చేయదు. ఒంటి రంగు ఏదైనా, కొన్ని గుడ్డలు మెడ దగ్గరకు రాగానే కళ్ల కింద నలుపు, మూతి చుట్టూ మచ్చ, గడ్డం కింద నీడ బయటపడతాయి. కొన్ని గుడ్డలు వాటిని వెనక్కి నెడతాయి. ఇక్కడ రాసేదంతా ఆ తేడాను మీ ముఖం మీద మీరే ఎలా పట్టుకోవాలన్నది.

లెక్కలోకి వచ్చేది మెడ నుంచి జానెడు లోపు ఉన్న గుడ్డ మాత్రమే. చీరలో అయితే జాకెట్టు మెడ, భుజం మీది పైట. చుడీదార్‌లో చున్నీ, మెడ పట్టీ. మగవాళ్లకి చొక్కా కాలర్. నడుము కింద ఏ రంగున్నా ముఖానికి పెద్దగా సంబంధం లేదు.

## 1. ముందు తెలుసుకోవాల్సింది: గుడ్డ రెండు పనులు చేస్తుంది

మొదటిది, గుడ్డ మీద పడిన వెలుగు తిరిగి పైకి, గడ్డం కిందకి కొడుతుంది. ఆ వెలుగుకి గుడ్డ రంగే అంటుకుంటుంది. చిలకపచ్చ చున్నీ మెడకి చుట్టుకుని అద్దంలో దవడ కింద చూసుకోండి, లేత పచ్చ మరక కనిపిస్తుంది. లేత గుడ్డలు, మెరిసే పట్టు ఈ పని ఎక్కువ చేస్తాయి. నలుపు, నేవీ బ్లూ దాదాపు చేయవు.

రెండోది, పక్కన ఉన్న రంగును బట్టి మన కన్ను ఒంటి రంగును చూసే తీరు మారుతుంది. ముదురు గుడ్డ పక్కన చర్మం కాస్త లేతగా అనిపిస్తుంది, తెల్ల గుడ్డ పక్కన కాస్త ముదురుగా. పచ్చ పక్కన చర్మంలోని ఎరుపు లేస్తుంది. వంగపండు రంగు పక్కన పసుపు లేస్తుంది.

చాలామందికి తికమక వచ్చేది ఇక్కడే, ఎందుకంటే ఈ రెండు పనులూ తరచు ఎదురెదురుగా లాగుతాయి. తెల్ల గుడ్డ వెలుగు ఇచ్చి కళ్ల కింద నీడను తగ్గిస్తుంది, కానీ పక్కన పెట్టి చూస్తే ముఖం ముదురుగా తోస్తుంది. నలుపు ముఖాన్ని లేతగా చూపిస్తుంది, కానీ కింద నుంచి వెలుగు రానివ్వదు కాబట్టి ముక్కు పక్క గీతలు లోతవుతాయి. ఆకుపచ్చ కూడా అంతే. బాటిల్ గ్రీన్ కాటన్ పెద్దగా వెలుగు కొట్టదు, పక్కన ఉండి ముఖంలోని ఎరుపును మాత్రం లేపుతుంది. చిలకపచ్చ పట్టు అయితే దవడకే పచ్చ పూస్తుంది. "నాకు పచ్చ నప్పదు" అనేవాళ్లలో చాలామందికి నప్పనిది చిలకపచ్చ ఒక్కటే.

అందుకే రంగు పేరు అడిగి తేల్చడం కుదరదు. వేసి చూడాల్సిందే.

## 2. సిద్ధం చేసుకోవాల్సినవి

మ్యాచింగ్ సెంటర్‌లో రూబియా ముక్కలు కొనొచ్చు గానీ అవసరం లేదు. ఇంట్లో పాత జాకెట్లు, చున్నీలు, కుట్టగా మిగిలిన ముక్కలు చాలు. మెరుపు లేనివి, జరీ లేనివి, భుజం నుంచి భుజానికి వచ్చేంత వెడల్పువి తీసుకోండి.

- ఒకే కుటుంబంలో మూడు మెట్లు: లేత గులాబీ, రాణి కలర్, మెరూన్
- తేట రంగు ఒకటి, మసక రంగు ఒకటి: ఆనంద బ్లూ, పొగ నీలం
- ఎరుపులో రెండు దారులు: కాషాయం వైపు మొగ్గే ఇటుక ఎరుపు, నీలం వైపు మొగ్గే దానిమ్మ ఎరుపు
- అనుమానం ఉన్నవి: గంధం, మెహందీ గ్రీన్, చిలకపచ్చ, బాటిల్ గ్రీన్
- ఒంటి మీద వేసుకోవడానికి యాష్ కలర్ టీ షర్ట్ లేదా నైటీ
- పక్కన నిలబడి చూసే మనిషి ఒకరు, మొహమాటం లేనివాళ్లయితే మంచిది

ముఖం సంగతి కూడా చూసుకోవాలి. ముందు రోజు ముఖానికి పసుపు రాసుకుని ఉంటే పరీక్ష వాయిదా వేయండి. ఎంత కడిగినా పసుపు ఛాయ మిగిలి ఉంటుంది, గంధం రంగు గుడ్డ మీద నెపం పడుతుంది. లిప్‌స్టిక్, పౌడర్, పెద్ద కమ్మలు తీసేయండి. జుట్టుకి గోరింటాకు లేదా రంగు వేసి ఉంటే వెనక్కి కట్టి బూడిద రంగు తువ్వాలు చుట్టండి. కళ్లద్దాలు రోజూ పెట్టుకునేవాళ్లు మొదట తీసి, చివర పెట్టుకుని చూడాలి, ఎందుకంటే నల్ల ఫ్రేము తనంతట తానే కళ్ల కింద నీడ వేస్తుంది.

## 3. చోటు, వేళ

ఉదయం తొమ్మిది నుంచి పదకొండు మధ్య, ఎండ నేరుగా పడని వరండా. ఆకాశం కనపడే వైపు ముఖం పెట్టి నిలబడండి. సాయంత్రం ఎండ బంగారు రంగు పూస్తుంది, అన్ని రంగులూ బాగానే ఉన్నాయనిపిస్తుంది. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు పట్టే రోజుల్లో వెలుగు నీలంగా, చప్పగా ఉంటుంది. ఆ రోజుల్లో చూస్తే అందరూ నీరసంగానే కనిపిస్తారు.

పైన ఏముందో చూడండి. ఎండకి తట్టుకోలేక డాబా మీద, వరండా ముందు ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టుకున్న ఇళ్లు ఎన్నో. దాని కింద నిలబడితే ముఖం మొత్తం పచ్చబడుతుంది. అక్కడ చేసిన పరీక్ష చెత్తబుట్టకే. నీలం టార్పాలిన్ కింద, రెండడుగుల దూరంలో గులాబీ రంగు గోడ ఉన్నచోట కూడా ఇదే గొడవ.

బట్టల షాపులో లైట్ల కింద తేల్చుకోవద్దు. అక్కడ లైట్లు గుడ్డ మెరవడానికి పెట్టినవి. షాపులో ఉన్నంతసేపు చీరనే చూస్తాం, ముఖాన్ని చూడం. వాళ్లని అడిగి గుమ్మం దాకా తెచ్చుకుని చూడండి, ఎవరూ కాదనరు.

## 4. వేసే వరస

వరస మారిస్తే ఫలితం మారుతుంది. కన్ను ఒక రంగుకి కొన్ని క్షణాల్లోనే అలవాటు పడిపోతుంది కాబట్టి, ప్రతిసారీ చూసేవాళ్లు కళ్లు మూసుకోవాలి, గుడ్డ మార్చాలి, అప్పుడు కళ్లు తెరవాలి. మొదటి అయిదు సెకన్లలో ఏమనిపించిందో అదే లెక్క. అరనిమిషం చూస్తే అన్నీ బాగానే ఉంటాయి.

మొదటి మెట్టు, లోతు. లేత గులాబీ, రాణి, మెరూన్ ఒకదాని తర్వాత ఒకటి. ఈ మూడింట్లో ఏది ఉన్నప్పుడు దవడ గీత స్పష్టంగా ఉండి, ముక్కు పక్క గీతలు మాత్రం లోతు కాకుండా ఉన్నాయో చూడాలి. చామనఛాయలో ఎక్కువమందికి మధ్యది, లేదా మధ్యకి ముదురుకి నడుమ ఉండేది పని చేస్తుంది. ఒంటి రంగు బాగా ముదురుగా ఉన్నవాళ్లకి లేతవి కూడా నిలబడతాయి. గుడ్డకీ చర్మానికీ మధ్య తేడా బాగా ఉంటుంది కాబట్టి ముఖం అందులో కలిసిపోదు.

రెండో మెట్టు, తేటదనం. ఆనంద బ్లూ, తర్వాత పొగ నీలం. కళ్ల కింద నలుపు ఉన్నవాళ్లకి నా అనుభవంలో ఇదే అన్నిటికన్నా పెద్ద తేడా చూపించే మెట్టు. మసక రంగు పక్కన ముఖం కూడా మసకబారుతుంది. కానీ మరీ గట్టి రంగు వేస్తే చూపు గుడ్డ దగ్గరే ఆగిపోతుంది, ముఖం దాకా రాదు. ఫ్లోరోసెంట్ గులాబీ, నియాన్ ఆరెంజ్ ఆ కోవకి చెందినవే.

మూడో మెట్టు, దారి. ఇటుక ఎరుపు, దానిమ్మ ఎరుపు. చేతి నరాలు పచ్చగా ఉన్నాయా నీలంగా ఉన్నాయా అని చూసి తేల్చుకోమని చెప్పే చిట్కా ఒకటుంది. గోధుమ రంగు చర్మం మీద నరాలు సరిగా కనపడనే కనపడవు, కనపడినా చాలామందికి రెండు రంగులూ ఉంటాయి. ఈ రెండు ఎరుపులు వేసి చూడటమే నయం.

చివర అనుమానం ఉన్నవి. గంధం, మెహందీ, చిలకపచ్చ, బాటిల్ గ్రీన్. అప్పటికి కన్నుకి ఏం చూడాలో తెలిసి ఉంటుంది.

ప్రతి గుడ్డకీ ఒక ఫోటో తీసుకోండి, కానీ ఫోన్‌ని గుడ్డిగా నమ్మొద్దు. తెల్ల గుడ్డ ఎక్కువ కనపడితే కెమెరా తనంతట తాను వెలుగు తగ్గిస్తుంది, ముఖం నల్లబడుతుంది. నల్ల గుడ్డకి వెలుగు పెంచేస్తుంది. బూడిద రంగు గుడ్డతో ఉన్నప్పుడు తెర మీద ముఖాన్ని వేలితో కాసేపు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో వెలుగు అక్కడే తాళం పడుతుంది. ఆ తర్వాత మిగతావి తీయండి. రంగును మాత్రం ఫోన్ తన ఇష్టం వచ్చినట్టు సర్దుకుంటూనే ఉంటుంది. అందుకే ఫోటో గుర్తు కోసమే, తీర్పు కంటిదే.

## 5. ముఖంలో ఎక్కడ చూడాలి

"బాగుందా లేదా" అని అడిగితే పక్కవాళ్లు తమకి ఇష్టమైన రంగు చెబుతారు. కింది చోట్లు చూపించి అడగండి.

- కళ్ల కింద: నలుపు ముందుకు వచ్చిందా, వెనక్కి పోయిందా
- ముక్కు పక్క నుంచి మూతి దాకా దిగే గీత: లోతయిందా
- మూతి చుట్టూ, గడ్డం మీద: చర్మం ఒకే రంగుగా ఉందా, మచ్చలు విడివిడిగా కనపడుతున్నాయా
- దవడ గీత: ముఖం ఎక్కడ అయిపోయి మెడ ఎక్కడ మొదలైందో తెలుస్తోందా
- కంటి తెలుపు: తెల్లగా ఉందా, పసుపు వైపు పోయిందా

అయిదింట్లో మూడు బాగుంటే ఆ రంగు మీ మెడ దగ్గర ఉండొచ్చు. కళ్ల కింద నలుపు గట్టిగా బయటపడితే మాత్రం మిగతావి ఎలా ఉన్నా పక్కన పెట్టేయండి. అలసటగా ఉన్నారని జనం అనుకునేది ముందు అక్కడ చూసే.

## 6. ఒక గంధం చీర సంగతి

మా పెదనాన్న కూతురు ఒంగోలులో టీచరు. చామనఛాయ, అందులో కాస్త పసుపు, కళ్ల చుట్టూ గోధుమ నలుపు మొదటి నుంచీ ఉంది. ఒక వెంకటగిరి కాటన్ చీర తెచ్చుకుంది. గంధం రంగు ఒళ్లు, మెరూన్ అంచు, దాని వెంట సన్న జరీ. జాకెట్టు కూడా చీరతో వచ్చిన గంధం ముక్కే. "ఆ చీర కట్టుకున్న రోజల్లా ఏం టీచరమ్మా, ఒంట్లో బాగాలేదా అంటున్నారే. చీర చూస్తే ఎంత బాగుంది!" అని తెచ్చి నా మిషన్ మీద పడేసింది.

చీర బాగుంది, నిజమే. వరండాలో ఆ గంధం ముక్క మెడకి పెట్టి చూస్తే దవడ గీత మాయమైంది. గుడ్డా, మెడా, చెంపా అన్నీ పసుపు గోధుమలో ఒకటైపోయాయి. ఆ మొత్తంలో ముదురుగా మిగిలింది కళ్ల కింద నలుపు ఒక్కటే. చూపు ఎక్కడికి పోతుంది మరి? నేరుగా అక్కడికే.

మెహందీ గ్రీన్ పెడితే ఇంకా ఘోరం. గడ్డం కింద పసరు రంగు వచ్చింది, జ్వరం నుంచి లేచినట్టుంది. వంగపండు రంగు మీద అక్కకి ఆశ ఉంది, తన పెట్టెలో ఉన్నది తెచ్చి మరీ వేయించుకుంది. ముఖంలోని పసుపు ఇంకాస్త లేచింది. మెరూన్‌తో దవడ బాగా తేలింది గానీ ముక్కు పక్క గీతలు కాస్త లోతయ్యాయి. ఇటుక ఎరుపు మూతి చుట్టూ ఉన్న గోధుమ మచ్చతో కలిసిపోయి మచ్చని పెద్దది చేసింది. దానిమ్మ ఎరుపు పెట్టగానే కళ్లు ముందు కనిపించాయి, నలుపు తర్వాత.

చీర మార్చలేదు. చేసినవి మూడు పనులు. దానిమ్మ రంగు రూబియాతో మోచేతి దాకా చేతులున్న జాకెట్టు కుట్టాను. ముందు మెడ తన మామూలు కొలత కంటే రెండు వేళ్లు పైకి తెచ్చాను, రంగు ముఖానికి దగ్గరగా ఉండాలని. పైటని వదులుగా వదిలేయకుండా సన్న కుచ్చిళ్లు పెట్టి పిన్ను చేయమన్నాను. అలా చేస్తే మెడ వైపు మెరూన్ అంచు వస్తుంది, గంధం ఒళ్లు భుజం మీద సన్నగా మిగులుతుంది.

పగటి వెలుగులో తేడా బాగా తెలిసింది. స్టాఫ్ రూంలో సరిగ్గా తల మీద ట్యూబ్‌లైట్ ఉంది, దాని కింద కూర్చుంటే మాత్రం కొంత నీడ ఉంటూనే ఉంది. పైనుంచి పడే వెలుగు కంటి గుంటల్లో వేసే నీడని జాకెట్టు పూర్తిగా చెరపలేదు. కిటికీ పక్క కుర్చీకి మారమన్నాను.

## 7. తరచూ ఎదురయ్యే రంగులు, క్లుప్తంగా

ఇవి చామనఛాయ నుంచి ముదురు గోధుమ దాకా ఉన్నవాళ్లని దృష్టిలో పెట్టుకుని రాసినవి. మీ పరీక్షలో వేరేగా వస్తే మీ పరీక్షనే నమ్మండి.

ఎక్కువమందికి పనికొచ్చేవి: దానిమ్మ, రాణి, నెమలికంఠం, బాటిల్ గ్రీన్, ఆనంద బ్లూ, మరీ లేత కాని కనకాంబరం. నెమలికంఠం పట్టు అయితే మడత తిరిగినప్పుడల్లా రంగు మారుతుంది కాబట్టి రెండు వైపులా పెట్టి చూడండి.

జాగ్రత్త పడాల్సినవి: గంధం, ముక్కుపొడి రంగు, మెహందీ, పిస్తా, మసక ఆవపిండి పసుపు, పొగ రంగు. వీటిలో ఎక్కువ భాగం చర్మం రంగుకి మరీ దగ్గర, మిగతావి గడ్డం కింద పచ్చో బూడిదో పూస్తాయి.

పూర్తి తెలుపు: మన పెద్దమనుషులకి తెల్ల చొక్కా తప్పదు. రొయ్యల చెరువుల మీద, పొలంలో ఎండకి మాడిన ముఖానికి నీలం పెట్టి ఉతికిన తెలుపు మరీ ఎదురు పడుతుంది, ఫోటోల్లో ఇంకా ఎక్కువ. హాఫ్ వైట్ తీసుకుంటే సగం గొడవ తగ్గుతుంది.

నలుపు: మెడ దిగువగా ఉండి, కాస్త చర్మం కనపడి, బంగారు గొలుసు ఒకటి ఉంటే పర్లేదు. గొంతు దాకా మూసిన నల్ల కాలర్ మాత్రం కళ్ల కింద నలుపు ఉన్నవాళ్లకి వద్దు.

## 8. తప్పులు, సర్దుబాట్లు

పెట్టుబడి చీర నప్పలేదు. చీరని తిట్టకండి, జాకెట్టు మార్చండి. అంచు రంగు నప్పితే జాకెట్టు అంచు రంగులో కుట్టించండి. అంచూ నప్పకపోతే మూడో రంగు తీసుకోవచ్చు. చీరలో ఎక్కడో ఒక పువ్వులోనో బుటాలోనో ఆ రంగు ఉంటే అతుకులా కనపడదు.

జాకెట్టు కుట్టేశారు, ఇప్పుడు తెలిసింది. మెడ చుట్టూ నప్పే రంగు పైపింగ్ వేయించండి. సన్న పైపింగ్ చాలదు, కనీసం అర అంగుళం పట్టీ ఉండాలి. దానితో మొత్తం మారదు గానీ దవడ గీత తేలుతుంది.

చుడీదార్ మసక రంగు. చున్నీని భుజాల మీద రెండు వైపులా వెనక్కి వేస్తే మెడ దగ్గర టాప్ రంగే ఉంటుంది. చున్నీ రంగు మంచిదైతే ముందు నుంచి మెడ చుట్టూ వచ్చేలా వేయండి. చున్నీయే చెడ్డదైతే ఒక భుజం మీదకి మడిచి పిన్ను చేయండి.

మొగుడి చొక్కా. కాలర్ రంగు మార్చలేం కాబట్టి కొనేటప్పుడే చూడాలి. ఖాకీ, మసక బ్రౌన్ బదులు అదే ధరలో నేవీ, స్కై బ్లూ, వైన్ కలర్ చొక్కాలు దొరుకుతాయి. యూనిఫాం తప్పనివాళ్లు పై గుండీ ఒకటి తీసి లోపల తెల్ల బనియను అంచు కాస్త కనపడనిస్తే గడ్డం కిందకి కొంత వెలుగు వస్తుంది. ఆఫీసులో ఒప్పుకుంటేనే సుమా.

ఎండాకాలంలో చేసిన పరీక్ష. రోహిణి కార్తెలో బండి మీద తిరిగాక ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు అవుతుంది. అప్పుడు తేల్చిన లోతు సంక్రాంతికి సరిపోకపోవచ్చు. మొదటి మెట్టు ఒక్కటే మళ్లీ చేసుకోండి, మిగతా రెండూ సాధారణంగా మారవు.

ఏ రంగు పెట్టినా పాలిపోయినట్టే ఉంది. అన్ని గుడ్డలతోనూ ముఖం రక్తం లేనట్టు ఉంటే, కింది రెప్ప లాగి చూస్తే లోపల ఎరుపు బదులు తెల్లగా ఉంటే, గుడ్డలు పక్కన పెట్టి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. కంటి తెలుపు పసుపుగా ఉంటే నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లండి, అది చున్నీ మార్చితే పోయేది కాదు. డాక్టరుకి చూపించాక, ఒంట్లో కుదుటపడ్డాక జాకెట్టు సంగతి చూద్దాం.